పాత మెయిల్ కిందే జవాబా, కొత్త మెయిలా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆఫీసు అడ్మిన్ టీమ్‌లో పనిచేస్తాను. వెండర్లకూ అకౌంట్స్‌కూ వెళ్లే మెయిల్స్ పంపే ముందు ఓసారి చూడడం నా పనిలో భాగం. డ్రాఫ్ట్ ఎంత బాగా రాసినా, దాన్ని సంబంధం లేని పాత సబ్జెక్ట్ కింద పెడితే పని ఆగిపోతుంది. ఈ విషయంలో మావాళ్ల దగ్గర ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: పాత మెయిల్ కిందే రాస్తే అన్నీ ఒకేచోట ఉంటాయి, వెతుక్కోవడం సులువు.

ఒకేచోట ఉండేది మనకి. అవతలివాళ్లకి అది ఎక్కడ ఉంటుందన్నది వేరే సంగతి.

మా టీమ్‌లోని నెల్లూరు అమ్మాయి రాసిన డ్రాఫ్ట్‌నే చూద్దాం. రెండో అంతస్తు ఏసీల వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు గురించి నడిచిన పాత మెయిల్ ఉంది. సబ్జెక్ట్ `Re: AC AMC renewal - 2nd floor`. కాంట్రాక్టు ఖరారైంది, పర్చేజ్ ఆర్డర్ వెళ్లిపోయింది. తర్వాత 10 కేవీఏ యూపీఎస్‌కు బ్యాటరీలు మార్చాల్సి వచ్చింది. మొత్తం 16 బ్యాటరీలు, కొటేషన్ వారం రోజులే చెల్లుతుంది, శుక్రవారంలోగా అప్రూవల్ కావాలి. ఈ అమ్మాయి ఏసీ మెయిల్ తెరిచి, రిప్లై ఆల్ కొట్టి, యూపీఎస్ సంగతి అందులోనే రాసింది. ఎందుకని అడిగితే, "అందరూ అందులోనే ఉన్నారు కదన్నా, మళ్లీ అడ్రస్‌లన్నీ ఎక్కించడం ఎందుకని" అంది.

అప్రూవ్ చేయాల్సిన అకౌంట్స్ మేడమ్ ఏసీ వ్యవహారం ముగియగానే ఒక రూల్ పెట్టుకున్నారని ఆ పిల్లకు తెలియదు. సబ్జెక్ట్‌లో `AC AMC` ఉన్న ప్రతి మెయిల్ నేరుగా ఒక ఫోల్డర్‌లోకి పోతుంది. అవుట్‌లుక్‌లో ఇంకాస్త గట్టి ఏర్పాటు కూడా ఉంది: `Ignore` నొక్కితే ఆ సంభాషణలో ఇప్పటికే ఉన్నవీ, ఇక మీదట వచ్చేవీ అన్నీ డిలీటెడ్ ఐటమ్స్‌లోకి వెళ్తాయి. మన మెయిల్ అందినట్టే ఉంటుంది, బౌన్స్ కాదు, కానీ ఎవరి కంటా పడదు.

రెండో చిక్కు దీనికంటే పెద్దది. సీసీలో ఏసీ వెండర్ ఉన్నాడు. అతను బ్యాటరీల వ్యాపారం కూడా చేస్తాడు. ఆ డ్రాఫ్ట్ అలాగే వెళ్లి ఉంటే, పోటీవాడి రేటు అటాచ్‌మెంట్‌తో సహా అతని చేతిలో పడేది.

ఇక్కడ నేను చూసేది ఒక్కటే. డ్రాఫ్ట్‌లో చివరికి ఏం అడుగుతున్నామో ఆ వాక్యం తీసుకుని పాత సబ్జెక్ట్ పక్కన పెడతాను. "శుక్రవారంలోగా బ్యాటరీల కొటేషన్ అప్రూవ్ చేయండి" అన్న దానికీ `AC AMC renewal`కీ పొత్తు లేదు. అక్కడితో తేలిపోయింది, కొత్త మెయిల్ రాయాల్సిందే. వెండర్ ఒకడే అయినా, మనుషులు వాళ్లే అయినా సరే, అడిగేది మారితే సబ్జెక్ట్ మారాలి.

అపోహ: రిప్లై కొట్టి సబ్జెక్ట్ మార్చేస్తే కొత్త థ్రెడ్ అయిపోతుంది.

సగమే నిజం. ఆ సగం నిజమే ఎక్కువ తిప్పలు పెడుతుంది. రిప్లై కొట్టగానే మెయిల్ ప్రోగ్రామ్ లోపల పాత మెయిల్ గుర్తింపును కూడా రాసిపెడుతుంది. సబ్జెక్ట్ మార్చినా ఆ వరుసలు అలాగే ఉంటాయి. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కితే కనబడతాయి:

```
Subject: UPS batteries: approval by Friday
Message-ID: <b7@example.com>
In-Reply-To: <a3@example.com>
References: <a1@example.com> <a3@example.com>
```

సబ్జెక్ట్ కొత్తదే. కింది రెండు వరుసలు మాత్రం ఇది ఏసీ మెయిల్‌కి జవాబనే చెబుతున్నాయి. జీమెయిల్ సబ్జెక్ట్ మారితే సంభాషణను విడదీస్తుంది కాబట్టి మనకు కొత్త థ్రెడ్‌లా కనిపిస్తుంది. థండర్‌బర్డ్ వాడేవాళ్లకు మామూలుగా పాత ఏసీ మెయిల్స్ కిందే వేలాడుతూ కనిపిస్తుంది. మన తెరమీద చూసి తృప్తిపడితే సరిపోదన్నమాట.

అదలా ఉంచితే, సబ్జెక్ట్ మార్చినంత మాత్రాన పాత గ్రహీతలు పోరు, కింద కోట్ అయిన పాత మాటలూ పోవు. జీమెయిల్‌లో ఆ పాతదంతా మూడు చుక్కల వెనక దాగి ఉంటుంది, డ్రాఫ్ట్ మాత్రం శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఏసీ రేట్ల బేరం మొత్తం ఆ చుక్కల వెనకే ఉంది.

అందుకని డ్రాఫ్ట్‌లో మనం రాసింది మాత్రమే కాపీ చేసి, `Compose` నొక్కి కొత్త మెయిల్‌లో పేస్ట్ చేయమన్నాను. To, Cc మొదటినుంచి ఎంచుకుంది. అకౌంట్స్ మేడమ్, మా మేనేజర్, ఇద్దరే. కొటేషన్ మళ్లీ అటాచ్ చేసింది. ఆ తర్వాత పాత థ్రెడ్‌లోని డ్రాఫ్ట్‌ను డిలీట్ చేయించాను. ఇది చాలామంది మర్చిపోతారు. అది అక్కడే పడి ఉంటే, రెండ్రోజుల తర్వాత ఏసీ మెయిల్ తెరిచినప్పుడు మళ్లీ ఎదురై, పొరపాటున పోయే ప్రమాదం ఉంది.

అపోహ: ఫార్వర్డ్ చేస్తే గొడవే ఉండదు.

గ్రహీతల పెట్టె ఖాళీగా వస్తుంది, అంతవరకే లాభం. పాత మాటలతోపాటు పాత అటాచ్‌మెంట్లు కూడా వెంట వస్తాయి, రిప్లైలో అవి రావు. పాత మెయిల్‌ను యథాతథంగా ఒకరికి చూపించాలంటే ఫార్వర్డ్ సరైనదే. కొత్త విషయం మొదలుపెట్టడానికి కాదు.

అపోహ: ఒకే మెయిల్‌లో పాతదానికి జవాబూ, కొత్త విషయమూ కలిపి రాస్తే మెయిల్స్ తగ్గుతాయి.

చదివేవాళ్లు ఒకదానికి జవాబిచ్చి రెండోది వదిలేస్తారు. తర్వాత దాన్ని గుర్తుచేయడానికి ఇంకో రెండు మెయిల్స్. రెండుగా విడగొట్టి, పాత థ్రెడ్‌లో "యూపీఎస్ సంగతి వేరే మెయిల్‌లో పంపుతున్నాను" అని ఒక్క ముక్క రాస్తే చాలు. అదీ ఆ థ్రెడ్‌లో ఉన్నవాళ్లకు యూపీఎస్‌తో పని ఉంటేనే. ఏసీ వెండర్ ఉన్నచోట ఆ ముక్క కూడా అనవసరం.

అపోహ: నెలలు గడిచిపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టాలి.

ఇది చెబితే మావాళ్లు నమ్మరు, కానీ కాలానికీ దీనికీ సంబంధం లేదు. మూడు నెలల కిందట కట్టాల్సిన బిల్లు ఇంకా కట్టలేదనుకోండి. ఆ ఇన్‌వాయిస్ పంపిన మెయిల్ కిందే మళ్లీ అడగాలి. ఎప్పుడు పంపామో, అవతలివాళ్లు "వచ్చే వారం" అని ఏ తేదీన అన్నారో అన్నీ అక్కడే ఉంటాయి. కొత్త మెయిల్ రాస్తే వాళ్లకు "ఏ ఇన్‌వాయిస్ అండీ?" అనే అవకాశం మనమే ఇచ్చినట్టు. డబ్బు దగ్గర, మాట తేడా వచ్చిన దగ్గర నేను థ్రెడ్ తెంచనివ్వను.

దీనికి ఒక మినహాయింపుంది. జీమెయిల్‌లో సంభాషణ 100 మెయిల్స్ దాటితే దానంతటదే తెగి కొత్తది మొదలవుతుంది. అంత పొడుగు సాగుతున్న వ్యవహారమైతే అదెక్కడో మధ్యలో తెగకముందే మనమే కొత్తది మొదలుపెట్టడం నయం. మొదటి రెండు వాక్యాల్లో ఇప్పటివరకు తేలిందేమిటో, ఇంకా తేలాల్సిందేమిటో రాయాలి. పాత మెయిల్ సబ్జెక్ట్, దాని తేదీ ఒక వరుసలో ఇవ్వాలి. సబ్జెక్ట్ పూర్తిగా మారిపోతే వెతికేవాళ్లకు దొరకదు కనుక ఇన్‌వాయిస్ నంబర్ రెండింటిలోనూ ఉండేలా చూస్తాను. అకౌంట్స్ వాళ్లు ఏది వెతికినా ఆ నంబర్‌తోనే వెతుకుతారు.