ఫెరా నుంచి ఫెమా దాకా: విదేశీ ఆర్బిట్రేషన్ అవార్డు ప్రశ్న వెనుక కథ

లా పరీక్షల్లో ఆర్బిట్రేషన్ పేపర్లో, అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్లు వివాదం తేల్చే పద్ధతి మీద వచ్చే పేపర్లో, ఏటా ఏదో ఒక రూపంలో తిరిగొచ్చే ప్రశ్న ఒకటుంది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ. అందులో ప్రమోటర్లకు 60 శాతం, ఒక జర్మన్ కంపెనీకి 40 శాతం వాటా. ఒప్పందం 2016 నాటిది, ఆర్బిట్రేషన్ సీటు, అంటే చట్టం దృష్టిలో అది జరిగే చోటు, సింగపూర్. ఎవరు ఒప్పందం తప్పితే వాళ్ల షేర్లను న్యాయమైన విలువకు 10 శాతం తగ్గించి రెండోవాళ్లకు అమ్మాలన్నది షరతు. ప్రమోటర్లు తప్పారు. 2022 మార్చిలో ఆర్బిట్రేటర్ల ట్రిబ్యునల్ అవార్డు, అంటే తన తీర్పు, ఇచ్చింది: విలువ కట్టిన ధర షేరుకు 200 రూపాయలు, జర్మన్లకు 180కి ఇవ్వండి అని. 2024 జూన్‌లో దాన్ని అమలు చేయించమని జర్మన్ కంపెనీ తెలంగాణ హైకోర్టుకు వచ్చింది. ప్రమోటర్ల అభ్యంతరాలు నాలుగు: మా నిపుణుడి రిపోర్టును ట్రిబ్యునల్ పట్టించుకోలేదు, ఒప్పందాన్ని తప్పుగా చదివింది, అవార్డును కొట్టేయాలని సింగపూర్‌లో మేం వేసిన పిటిషన్ పెండింగ్‌లో ఉంది, 180కి అమ్మితే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, ఉల్లంఘన అవుతుంది.

విద్యార్థులు ఎక్కువగా బోల్తా పడేది నాలుగో దాని దగ్గరే. అవార్డు వల్ల మన చట్టం ఒకటి మీరినట్టవుతుంటే అది పబ్లిక్ పాలసీకి విరుద్ధమే కదా, అమలు నిరాకరించాల్సిందే కదా అని రాసి పేజీ తిప్పేస్తారు. ఆ జవాబు ఎందుకు నిలవదో తెలియాలంటే ఈ అభ్యంతరం పుట్టిన కేసు దగ్గరికి వెళ్లాలి. మూడు దశాబ్దాల్లో ఇది కనీసం మూడుసార్లు సుప్రీంకోర్టు గడప తొక్కింది.

అంతకుముందు పునాది సంగతి. 1958 జూన్ 10న న్యూయార్క్ కన్వెన్షన్ కుదిరింది. భారత్ 1960లో దాన్ని ధ్రువీకరించి 1961లో విదేశీ అవార్డుల చట్టం చేసింది. ఆ నిబంధనలే ఇప్పుడు 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగంలో, 44వ సెక్షన్ నుంచి ఉన్నాయి. కన్వెన్షన్ సారం ఒక్కటే: అవార్డు తెచ్చుకున్నవాడు కాగితాలు చూపిస్తే చాలు, ఎందుకు అమలు చేయకూడదో నిరూపించాల్సిన బరువు ఓడినవాడిది. ఆ కారణాలు కూడా 48వ సెక్షన్‌లో లెక్కగా ఉన్నవే, బయటి నుంచి కొత్తవి తేవడం కుదరదు. వాటిలో పబ్లిక్ పాలసీ అన్న మాటే సాగదీస్తే సాగేది. లాయర్లందరి చూపూ దాని మీదే ఉండేది అందుకే.

ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్ దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం రేణుసాగర్ పవర్ కంపెనీ 1964లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్‌తో పరికరాల ఒప్పందం చేసుకుంది. వాయిదాల చెల్లింపు, వాటి మీద వడ్డీ దగ్గర గొడవ మొదలై ఆర్బిట్రేషన్‌కు చేరింది. అవార్డు 1986లో వచ్చింది, సుప్రీంకోర్టు తుది తీర్పు 1993 అక్టోబర్‌లో. రేణుసాగర్ వాదనల్లో ఒకటి: ఈ డబ్బు పంపితే విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, అంటే ఫెరా, మీరినట్టు అవుతుంది.

కోర్టు మొదట పబ్లిక్ పాలసీకి హద్దు గీసింది. భారత చట్టపు మౌలిక విధానం, భారత ప్రయోజనాలు, న్యాయం లేదా నైతికత, ఈ మూడింటిలో ఒకదానికి దెబ్బ తగలాలి, ఏదో ఒక చట్టాన్ని ఉల్లంఘించినంత మాత్రాన చాలదు అంది. మరి ఫెరా? దాన్ని మాత్రం కోర్టు తేలిగ్గా తీసుకోలేదు. దేశ ఆర్థిక ప్రయోజనాల రక్షణకే ఆ చట్టం పుట్టింది కాబట్టి దాన్ని మీరితే పబ్లిక్ పాలసీని మీరినట్టే అని ఒప్పుకుంది. కానీ ఈ కేసులో అలాంటి ఉల్లంఘనే జరగలేదని తేల్చి అవార్డును అమలు చేసింది. చాలామంది నోట్సులో తీర్పు ఫలితం ఉంటుంది గానీ ఫెరా గురించిన ఈ ఒప్పుకోలు ఉండదు. తర్వాతి పాతికేళ్ల వాదనలన్నీ దాన్ని పట్టుకునే నడిచాయి.

రెండోసారి ఈ మాట లేచింది మన దగ్గరే. సత్యం కంప్యూటర్ సర్వీసెస్, అమెరికాకు చెందిన వెంచర్ గ్లోబల్ ఇంజనీరింగ్ 1999లో చెరి సగం వాటాతో ఒక కంపెనీ పెట్టాయి. గొడవ లండన్ కోర్ట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ నియమించిన ఆర్బిట్రేటర్ దగ్గరికి చేరింది. 2006 ఏప్రిల్‌లో ఆయన వెంచర్ గ్లోబల్ తన 50 శాతం షేర్లను పుస్తక విలువకే సత్యానికి ఇచ్చేయాలన్నారు. సత్యం అమలు కోసం అమెరికా కోర్టుకు వెళ్లింది. అదే నెలలో వెంచర్ గ్లోబల్ సికింద్రాబాద్‌లో దావా వేసింది, ఆ షేర్ల బదిలీ ఫెమాకు విరుద్ధం కాబట్టి అవార్డును రద్దు చేయమని.

ఇక్కడ తిరకాసు ఏమిటంటే, అమలును అడ్డుకోవడం వేరు, అవార్డును రద్దు చేయించుకోవడం వేరు. రద్దు చేసే అధికారం మామూలుగా సీటు ఉన్న దేశపు కోర్టుదే. ఇక్కడి కోర్టులు మొదట ఆ మాటే చెప్పి దావా తోసిపుచ్చాయి. 2008 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం దేశంలో జరిగే ఆర్బిట్రేషన్ల కోసం ఉన్న చట్టం మొదటి భాగం విదేశీ అవార్డుకూ వర్తిస్తుంది, ఇక్కడ రద్దు కోరవచ్చు అంది. విదేశీ అవార్డు చేతికొచ్చిన ప్రతివాడికీ టెన్షన్ పెట్టిన తీర్పు ఇది. 2012 సెప్టెంబర్ 6న బాల్కో కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని పక్కనపెట్టింది. అయితే ఆ తేదీ తర్వాత కుదిరిన ఒప్పందాలకే కొత్త సూత్రం అంది. మన ప్రశ్నలో ఒప్పందం 2016 అని ఇవ్వడం ఊరికే కాదు. 2010 అని ఇస్తే సీటు సింగపూర్ అన్న మాట నుంచి వాదన మళ్లీ మొదలుపెట్టాలి.

ఈలోగా పబ్లిక్ పాలసీ హద్దు కూడా కదిలింది. 2003లో సా పైప్స్ తీర్పు దేశీయ అవార్డుల విషయంలో దాన్ని వెడల్పు చేసి, పైకి కనిపించే చట్టవిరుద్ధతను చేర్చింది. 2011లో ఫూల్‌చంద్ కేసులో అదే వెడల్పును విదేశీ అవార్డులకూ తెచ్చారు. రెండేళ్లకే, 2013 జూలైలో, శ్రీలాల్ మహల్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ అది తప్పని చెప్పి రేణుసాగర్ హద్దుకు తిరిగొచ్చింది. రెండు తీర్పులూ రాసింది జస్టిస్ లోధానే. తన మాట తానే దిద్దుకోవడం కోర్టుల్లో అరుదుగా కనబడే దృశ్యం. 2015 సవరణ ఈ హద్దును చట్టంలోకే ఎక్కించింది. మౌలిక విధానం పేరుతో వివాదపు మంచిచెడ్డల్లోకి దిగకూడదని అందులో ఒక వివరణ ఉంది. కాబట్టి ప్రమోటర్ల రెండో అభ్యంతరం, ఒప్పందాన్ని తప్పుగా చదివారన్నది, రెండు వాక్యాల్లో పోతుంది.

ఇక మూడోసారి. 2020 ఫిబ్రవరిలో విజయ్ కరియా కేసు. కేబుళ్ల తయారీ కంపెనీలో భారతీయ వాటాదారులు తమ షేర్లను 10 శాతం తక్కువకు విదేశీ భాగస్వామికి అమ్మాలని లండన్ అవార్డు. నివాసి ప్రవాసికి షేర్లు అమ్మితే కట్టిన విలువ కంటే తక్కువకు అమ్మకూడదన్నది ఫెమా కింది నిబంధన. అంటే మన పరీక్ష ప్రశ్నలోని 180 రూపాయల సంగతే. కరియా పక్షం రేణుసాగర్‌ను ఎత్తిచూపింది: ఫెరా ఉల్లంఘన పబ్లిక్ పాలసీకి విరుద్ధమని మీరే అన్నారు కదా అని.

కోర్టు జవాబు ఆ రెండు చట్టాల స్వభావం మీద నడిచింది. ఫెరా పోలీసు చట్టం లాంటిది, మీరితే నేరం, మీరి చేసుకున్న ఒప్పందానికి దిక్కులేదు. 2000 జూన్ నుంచి దాని స్థానంలో వచ్చిన ఫెమా మారకద్రవ్యాన్ని నిర్వహించే చట్టం. ఉల్లంఘన జరిగితే జరిమానాతో సర్దుకోవచ్చు, రిజర్వ్ బ్యాంకు అనుమతి తర్వాత తెచ్చుకోవచ్చు. ఫెరాలో ఉన్నట్టు లావాదేవీనే చెల్లకుండా చేసే సెక్షన్ ఇందులో లేదు. రిజర్వ్ బ్యాంకు కావాలంటే మార్కెట్ విలువకే అమ్మమనవచ్చు, లేదా తప్పును మన్నించవచ్చు. ఎటు పోయినా అవార్డు చెల్లకుండా పోదు. దిద్దుకోగలిగిన ఉల్లంఘనను మౌలిక విధానం మీద దెబ్బ అనలేం. అడ్డుకున్నవాళ్ల మీద 50 లక్షల రూపాయల ఖర్చులు కూడా పడ్డాయి. అవార్డును అమలు చేస్తూ ఇచ్చిన ఆదేశం మీద 50వ సెక్షన్ అప్పీలే ఇవ్వదు. వాళ్లు వచ్చింది సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతితో వినే రాజ్యాంగం 136వ ఆర్టికల్ తలుపు తట్టి.

మొదటి అభ్యంతరానికీ సమాధానం ఇదే తీర్పులో ఉంది. తన వాదన వినిపించలేకపోవడం అంటే తన చేతిలో లేని కారణం వల్ల తలుపు మూసుకుపోవడం. రిపోర్టు దాఖలు చేసే అవకాశం దొరికింది, ట్రిబ్యునల్ దాన్ని నమ్మలేదు అంటే అది సాక్ష్యం తూకం. ఆ తూకం మళ్లీ వేయడం అమలు కోర్టు పని కాదు. జవాబు రాసేటప్పుడు చూడాల్సింది ప్రశ్నలోని మాట: దాఖలు చేయనివ్వలేదు అని ఉందా, పట్టించుకోలేదు అని ఉందా. మొదటిదైతే ప్రమోటర్లకు కొంత బలం వస్తుంది.

మూడో అభ్యంతరం, సింగపూర్ పెండింగ్ సంగతి. సీటు కోర్టు అవార్డును రద్దు చేసినా, నిలిపివేసినా అది నిరాకరణకు కారణం. పిటిషన్ వేసి ఉండటం కారణం కాదు. హైకోర్టుకు సబబు అనిపిస్తే విచారణ వాయిదా వేయవచ్చు, జర్మన్ కంపెనీ అడిగితే ప్రమోటర్ల నుంచి తగిన పూచీ కట్టించుకోవచ్చు. ప్రశ్న జర్మన్ల తరఫు లాయరుగా సలహా ఇమ్మంటే ఆ పూచీ అడగమని రాయాలి. ఎక్కువమంది మరిచిపోయే మార్కు అది.

గడువు గురించి ఒక్క మాట. గోదావరి జిల్లాల తీరాన రవ్వ చమురు క్షేత్రం ఖర్చుల మీద కౌలాలంపూర్‌లో వచ్చిన అవార్డు కేసులో, 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు విదేశీ అవార్డు అమలుకు మూడేళ్ల గడువు అని తేల్చింది. మార్చి 2022 నుంచి జూన్ 2024 అంటే రెండేళ్ల మూణ్నెల్లు. ఇబ్బంది లేదు.

పరీక్షకుడు తెలివైనవాడైతే చివర్లో ఒక వాక్యం కలుపుతాడు: "రిజర్వ్ బ్యాంకు ఈ బదిలీకి అనుమతి నిరాకరించింది." అప్పుడు నాఫెడ్ వర్సెస్ అలిమెంటా గుర్తుకు రావాలి. సహకార మార్కెటింగ్ సంస్థ నాఫెడ్ విదేశీ కంపెనీ అలిమెంటాతో 1980లో చేసుకున్న వేరుశనగ ఎగుమతి ఒప్పందం. తుపాను వల్ల సరుకంతా పంపలేకపోయారు, మిగిలింది మరుసటి సీజన్‌లో పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాఫెడ్ ఒప్పందం తప్పిందని విదేశంలో అవార్డు. విజయ్ కరియా తర్వాత రెండు నెలలకే, 2020 ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టు దాని అమలును నిరాకరించింది: ప్రభుత్వం కాదన్న ఎగుమతిని చేయనందుకు నష్టపరిహారం ఇప్పించడం పబ్లిక్ పాలసీకి విరుద్ధమని. ఈ తీర్పు వివాదపు మంచిచెడ్డల్లోకి దిగిందన్న విమర్శ గట్టిగానే ఉంది, నాకూ అదే అనిపిస్తుంది. అయినా అది చెల్లుబాటులో ఉన్న తీర్పు, దాన్ని దాటి రాయలేం. నేనైతే తేడా ఇలా చూపిస్తాను. నాఫెడ్‌లో ప్రభుత్వం కాదన్నాక ఒప్పందమే నిలవదని కోర్టు భావించింది, దాన్ని పూర్తి చేసే దారి లేదు. మన ప్రశ్నలో రిజర్వ్ బ్యాంకు కాదన్నది 180కి ఇవ్వడాన్నా, అసలు షేర్ల బదిలీనే కాదందా అన్నది ముందు తేల్చాలి. 180ని మాత్రమే కాదంటే 200కి ఇచ్చే దారి ఉంది, విజయ్ కరియా చాలు. బదిలీనే కాదంటే ప్రమోటర్ల వాదనకు నాఫెడ్ ఊతమిస్తుంది.