అంగస్తంభనకు వ్యాయామం: ఏది చేస్తే ఎన్నాళ్లకు ఫలితం

2004లో ఇటలీలోని నేపుల్స్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్లు 110 మంది మగవాళ్లు. వయసు 35 నుంచి 55 మధ్య. అందరూ స్థూలకాయులే, అందరికీ అంగస్తంభన సమస్య ఉంది, షుగర్, బీపీ మాత్రం లేవు. సగం మందికి తిండి తగ్గించి, నడక పెంచి, బరువులో పదోవంతు దించుకునేలా దగ్గరుండి నేర్పారు. మిగతా సగానికి మామూలు ఆరోగ్య సలహాలు చెప్పి వదిలేశారు. రెండేళ్లు గడిచేసరికి మొదటి గుంపులో 55 మందికి 17 మంది సాధారణ స్థితికి వచ్చారు. రెండో గుంపులో వచ్చింది ముగ్గురే.

ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చదవాలి. మాత్ర వేసుకోకుండానే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు బాగుపడ్డారు. మిగతా ఇద్దరికి పూర్తిగా నయం కాలేదు. పైగా ఇది రెండేళ్ల లెక్క. ‘21 రోజుల్లో పూర్తి శక్తి’ అని ఊరించే వీడియోలకూ ఈ లెక్కకూ పొంతన లేదు.

అసలు నడిస్తే అక్కడ ఏం మారుతుంది? అంగం గట్టిపడాలంటే లోపలికి రక్తం వేగంగా చేరాలి, చేరిన రక్తం కాసేపు బయటికి పోకుండా నిలవాలి. రక్తం చేరడానికి నాళాలు వదులై వెడల్పవ్వాలి. ఆ పని చేయించేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. దాన్ని నరాల కొసలు కొంత, రక్తనాళం లోపలి గోడమీదుండే పల్చటి పొర కొంత తయారుచేస్తాయి. షుగర్, పొగాకు, బీపీ, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు దెబ్బతీసేది ఆ పొరనే. వేగంగా నడిచేటప్పుడు రక్తం నాళాల గోడల్ని జోరుగా ఒరుసుకుంటూ పారుతుంది. ఆ ఒరిపిడి రోజూ తగులుతుంటే పొర మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్ బాగా తయారుచేయడం మొదలుపెడుతుంది. వయాగ్రా లాంటి మాత్రలు పనిచేసేది ఆ తర్వాతి మెట్టులో. నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చిన సంకేతం త్వరగా ఆరిపోకుండా చూడటమే వాటి పని. అందుకే నడకా మాత్రా ఒకదానికొకటి పోటీ కావు. రెండూ కలిపిన వాళ్లకు ఒట్టి మాత్ర వేసుకున్న వాళ్లకంటే మెరుగైన ఫలితం వచ్చినట్టు కూడా అధ్యయనాలున్నాయి.

ఎంత నడవాలి? 2018లో పది అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష ఒక మోతాదు చెప్పింది. రోజుకు 40 నిమిషాలు, వారానికి 4 రోజులు, 6 నెలలు. నడక కాస్త చురుగ్గా ఉండాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు. ఫోన్ చూసుకుంటూ పార్కులో తిరగడం ఈ లెక్కలోకి రాదు.

రెండోది కండబలం పెంచే వ్యాయామం. ‘బరువులెత్తితే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, అదే మందు’ అని జిమ్‌లో అంటుంటారు. బరువులెత్తాక ఆ హార్మోన్ కాస్త పెరిగే మాట నిజమే. కానీ కాసేపటికే మళ్లీ మామూలు స్థాయికి దిగిపోతుంది, దానివల్ల పడకగదిలో ఒరిగేదేమీ లేదు. ఒక్క బరువుల వ్యాయామంతోనే అంగస్తంభన బాగుపడిందనడానికి ఆధారాలు కూడా నడకతో పోలిస్తే పల్చగానే ఉన్నాయి. అయినా నేను దీన్ని వదిలేయమనను. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే. తొడలు, పిరుదులు, వీపు లాంటి పెద్ద కండరాలు పనిలో పడితే ఇన్సులిన్ మాట శరీరం వింటుంది, షుగర్ అదుపులోకి వస్తుంది, రక్తనాళాలకు తగిలే దెబ్బ తగ్గుతుంది. వారానికి రెండు రోజులు బస్కీలు, గోడకో బల్లకో చేతులానించి దండీలు, నీళ్ల డబ్బా ఎత్తి దించడం చాలు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఒక్క హెచ్చరిక. జిమ్‌లో ఎవరైనా కండలకోసం ఇంజెక్షన్ ఇస్తామంటే, అది స్టెరాయిడ్ అయితే, శరీరం సొంతంగా చేసుకునే టెస్టోస్టిరాన్ ఆగిపోతుంది. కండలు పెరిగి, అసలు సమస్య ముదిరిన కుర్రాళ్లున్నారు.

మూడోది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా సగం తప్పుగా చేస్తారు. వృషణాలకూ మలద్వారానికీ మధ్య చేత్తో నొక్కితే తగిలే చోట, దాని లోపల, కటి అడుగున పరుచుకున్న కండరాలున్నాయి. వాటిలో కొన్ని అంగం మొదలును చుట్టి ఉంటాయి. రక్తం నిండాక ఇవి బిగిస్తేనే లోపలి ఒత్తిడి పెరిగి అసలైన గట్టిదనం వస్తుంది. స్తంభన మొదలై మధ్యలో సడలిపోయేవాళ్లలో ఈ కండరాల బలహీనత కూడా ఒక కారణం కావచ్చు.

బ్రిటన్‌లో గ్రేస్ డోరీ అనే ఫిజియోథెరపిస్టు బృందం 55 మంది మగవాళ్లకు ఈ వ్యాయామం నేర్పింది. 6 నెలల తర్వాత చూస్తే 40 శాతం మంది మామూలు స్థితికి వచ్చారు. మరో మూడోవంతు మందికి కొంత మెరుగైంది. దాదాపు నాలుగోవంతు మందికి ఏమీ మారలేదు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. వాళ్లు కాగితం చదివి చేసుకున్నవాళ్లు కాదు. ఏ కండరం బిగుస్తోందో పరికరంతో చూపించి మరీ నేర్పించారు.

ఇంట్లో ఆ కండరాన్ని పట్టుకోవడం ఇలా. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా బిగపడతాం కదా, ఆ బిగింపును ముందుకు, అంగం మొదలు వైపు లాగండి. అద్దం ముందు బట్టల్లేకుండా నిలబడి చేస్తే అంగం మొదలు కాస్త లోపలికి పోవాలి, వృషణాలు కొద్దిగా పైకి లేవాలి. పిరుదులు, తొడలు, పొట్ట కదలకూడదు, ఊపిరి ఆడుతూనే ఉండాలి. పిరుదులు గట్టిపడుతున్నాయంటే మీరు వేరే కండరంతో కష్టపడుతున్నారని అర్థం. అలా మూడు నెలలు చేసి ‘ఇది పనిచెయ్యదు’ అని తీర్మానించేవాళ్లే ఎక్కువ. మూత్రం మధ్యలో ఆపి చూడటం కండరాన్ని గుర్తించడానికి ఒకసారి చేస్తే పర్వాలేదు, దాన్నే వ్యాయామంగా పెట్టుకోకూడదు.

డోరీ బృందం పెట్టిన మోతాదు పెద్దదేమీ కాదు. నిలబడి మూడు, కూర్చుని మూడు, పడుకుని మూడు బలమైన బిగింపులు. ఒక్కొక్కటి 10 సెకన్ల వరకు పట్టి ఉంచాలి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. ఇలా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. దీనితోపాటు మూత్రం అయ్యాక ఒక బిగింపు, నడుస్తున్నప్పుడు సగం బలంతో చిన్న బిగింపు. మొదట్లో 3 సెకన్లకే జారిపోతే అక్కడినుంచే మొదలుపెట్టాలి. రోజుకు వందల సార్లు చేయమనేవాళ్ల మాట వినకండి. కొందరిలో ఈ కండరాలు బలహీనంగా కాదు, ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. కటి దగ్గర నొప్పి, మూత్రం మొదలుకావడానికి ఆలస్యం, స్ఖలనం తర్వాత సలుపు ఉంటే బిగింపులు సమస్యను పెంచుతాయి. వాళ్లకు కావాల్సింది సడలించే వ్యాయామం, అదీ తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 47, రోజుకు పది గంటలు షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, పొట్ట ఉంది, షుగర్ బార్డర్‌లో ఉంది. ఏడాదిగా స్తంభన వస్తుంది గానీ నిలవదు. డాక్టర్లు వాడే ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటుంది. మొత్తం 25 మార్కులు, 22 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సమస్య లేనట్టు. ఇతనికి 13 వచ్చింది.

వ్యాయామానికి ముందు ఇతను చేయాల్సిన పని బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవడం. అంగంలోని ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లే, గుండె ధమనులది 3, 4 మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే సన్నటి నాళంలోనే ముందు తెలుస్తుంది. గుండె జబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ల ముందే స్తంభన తగ్గడం మామూలే. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉంటే నడక తర్వాత, కార్డియాలజిస్టు ముందు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వయాగ్రా రకం మాత్రలు అసలు ముట్టకూడదు, బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది.

పరీక్షలు బాగానే ఉన్నాయనుకుందాం. మొదటి వారం 20 నిమిషాల నడక, నాలుగు రోజులు. నెల తిరిగేసరికి 40 నిమిషాలు. బస్కీలు ఆదివారం, బుధవారం. బిగింపులు రోజూ. మొదటి నెలలో నిద్ర, ఓపిక మారతాయి, పడకలో మార్పు ఆశించకూడదు. చాలామంది మానేసేది ఇక్కడే. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తెల్లవారుజామున వచ్చే స్తంభనలు ఎక్కువసార్లు కనిపించవచ్చు. అది మంచి గుర్తు, ఎందుకంటే అప్పుడు టెన్షన్ అడ్డురాదు, నాళాలూ నరాలూ ఎలా ఉన్నాయో సూటిగా తెలుస్తుంది. మూడో నెల చివర కటి కండరాల ఫలితం అంచనా వేయొచ్చు. నడక ఫలితం తేలడానికి ఆరో నెల దాకా ఆగాలి. అప్పుడు అవే ఐదు ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాస్తే 16, 17 వచ్చాయనుకోండి, అది వాస్తవానికి దగ్గరి ఫలితం. నేపుల్స్ అధ్యయనంలో సగటున 14 దగ్గర మొదలైన గుంపు రెండేళ్లకు చేరింది 17కే. మధ్యస్థానికి దగ్గరగా ఉన్న సమస్య స్వల్ప సమస్య వైపు జరుగుతుంది, అవసరమైన రోజు వేసుకునే మాత్ర కూడా మెరుగ్గా పనిచేయవచ్చు.

ఆరు నెలలు సరిగ్గా చేసినా మార్కులు కదలకపోతే కారణం వేరే చోట ఉండొచ్చు. ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిన్నవాళ్లకు, ఏళ్ల తరబడి షుగర్‌తో నరాలు మొద్దుబారినవాళ్లకు వ్యాయామం ఒక్కటే సరిపోదు. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు కూడా స్తంభనను తగ్గిస్తాయి. వాటిని సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌ని అడిగితే మరో రకానికి మార్చే వీలుంటుంది. కోరికే తగ్గిపోతే పొద్దున పూట టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించాలి. తెల్లవారుజామున అంతా బాగానే ఉండి భార్య దగ్గర మాత్రమే తడబాటు వస్తుంటే, ఇంకో కిలోమీటరు నడవడం కంటే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చుని మాట్లాడటం త్వరగా పనిచేస్తుంది.