టైప్ చేసిన సమాకలనం లెక్కలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు నేను గణితం చెబుతాను. సాయంత్రాల్లో వాళ్ల సందేహాలు నా ఫోనుకు వస్తుంటాయి. వాటిలో సగం సందేహాలకు జవాబు చెప్పడానికి ముందు, అసలు ప్రశ్న ఏమిటో తేల్చుకోవడమే పెద్ద పని అవుతుంది.

అపోహ: ప్రశ్నను కాపీ చేసి పంపితే లెక్క కూడా వెంట వస్తుంది.

వాస్తవం: చాలా ప్రశ్నపత్రాల్లో మాటలు అక్షరాలుగా ఉంటాయి, సమాసం మాత్రం బొమ్మగా ఉంటుంది. కాపీ చేసినప్పుడు బొమ్మ జారిపోయి, "కింది సమాకలనాన్ని గణించండి" అన్న వాక్యం, దాని కింద నాలుగు ఐచ్ఛికాలు మాత్రమే మిగులుతాయి. ఐచ్ఛికాలను అవకలనం చేసి ప్రశ్నను వెనక్కి రాబట్టవచ్చని కొందరు అంటారు గానీ, నాలుగింటిని అవకలనం చేస్తే నాలుగు వేర్వేరు ప్రశ్నలు వస్తాయి; వాటిలో అడిగినది ఏదో తెలియదు.

సమాసం బొమ్మగా కాక అక్షరాలుగా ఉన్న పీడీఎఫ్‌లోనూ ఘాతాలు, హద్దులు కిందికి దిగి, వరుసలో కలిసిపోతాయి. ఒక అమ్మాయి పంపిన సందేశంలో `∫01x2dx` అని ఉంది. అది 0 నుంచి 1 వరకు x వర్గం అని, జవాబు 1/3 అని అలవాటు మీద ఊహించాను. ఆ వరుసలో మాత్రం అలా చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

అపోహ: బ్రాకెట్ లేకపోయినా లెక్క తెలిసినవాళ్లకు అర్థమవుతుంది, తప్పుగా చదివితే లెక్క ముందుకు సాగదు.

వాస్తవం: రెండో మాట నేనూ చాలాకాలం నమ్మాను. ఒక విద్యార్థి ఇలా టైప్ చేశాడు:

```
∫ e^x (1 + sin x / 1 + cos x) dx
```

కాగితం మీద అడ్డగీతే బ్రాకెట్ పని చేస్తుంది: గీత పైనున్నదంతా లవం, కిందిదంతా హారం. ఒకే వరుసలో రాసినప్పుడు ఆ గీత ఉండదు కాబట్టి, భాగహారం గుర్తు తనకు రెండు పక్కలా ఆనుకుని ఉన్నవాటినే పట్టుకుంటుంది. అందువల్ల పై వరుసను ఉన్నదున్నట్టు చదివితే sin x ను 1 తో భాగించమని అర్థం, అంటే మిగిలేది e^x (1 + sin x + cos x). ఇందులో f(x) = 1 + sin x అనుకుంటే f'(x) = cos x కాబట్టి, e^x (f + f') సూత్రం చక్కగా అతికి, జవాబు e^x (1 + sin x) + c వస్తుంది. ఎక్కడా అడ్డు తగలలేదు. కానీ అతని పుస్తకంలో ఉన్నది ఇది:

```
∫ e^x * (1 + sin(x)) / (1 + cos(x)) dx
```

ఇక్కడ భిన్నాన్ని అర్ధకోణంలోకి మార్చితే tan(x/2) + (1/2) sec^2(x/2) అవుతుంది. ఇందులో f(x) = tan(x/2); మళ్లీ అదే సూత్రంతో జవాబు e^x tan(x/2) + c. సూత్రం ఒకటే, రెండు జవాబులూ పొందికగానే ఉన్నాయి, అడిగినది మాత్రం ఒకటే.

అప్పటి నుంచి ప్రశ్నతో పాటు ఒక విలువ కూడా పంపమంటున్నాను. పుస్తకంలోని సమాసంలో x = 0 పెడితే 1/2 వస్తుంది, టైప్ చేసిన వరుసలో పెడితే 2 వస్తుంది. పంపేవాళ్లు పుస్తకం చూసి "x = 0 దగ్గర విలువ 1/2" అని చేర్చితే, బ్రాకెట్ పోయిన సంగతి అవతలివాళ్లకు అరనిమిషంలో తెలిసిపోతుంది.

అపోహ: హద్దులు రాయాలంటే ప్రత్యేకమైన కీబోర్డు కావాలి.

వాస్తవం: మామూలు కీబోర్డు చాలు. `int(x^2, x, 0, 1)` అని, ఏ చలరాశి దృష్ట్యా అన్నది చెప్పి, ముందు కింది హద్దు, తరువాత పై హద్దు రాస్తే సరిపోతుంది. పుస్తకంలో పై హద్దు కంటికి ముందు కనిపిస్తుంది కాబట్టి దాన్ని ముందు రాసేవాళ్లున్నారు. అప్పుడు జవాబు గుర్తు తారుమారై -1/3 అవుతుంది.

అపోహ: సరిగ్గా టైప్ చేస్తే ప్రతి యంత్రమూ ఒకేలా చదువుతుంది.

వాస్తవం: e^(-x^2) విలువలను ఎక్సెల్‌లో పట్టికగా వేసి, దాని కింది వైశాల్యాన్ని ఉజ్జాయింపుగా కట్టబోతే ఈ సంగతి తెలుస్తుంది. `=EXP(-A1^2)` అని రాసి A1 లో 2 పెడితే, రావలసిన 0.018 కు బదులు 54.6 వస్తుంది. ఎక్సెల్ ముందున్న రుణ గుర్తును మొదట సంఖ్యకు తగిలించి, తరువాత వర్గం చేస్తుంది. పైథాన్‌లో `-2**2` అంటే -4 వస్తుంది, అంటే వర్గమే ముందు. ఎక్సెల్‌లో `=EXP(-(A1^2))` అని రాయాలి. ఈ పొరపాటు జరిగిందని పట్టికే చెబుతుంది: x పెరిగేకొద్దీ సున్న వైపు దిగిపోవలసిన విలువలు పైకి ఎగబాకుతుంటాయి.