మూడో తరగతిలో పుట్టిన వెంట్రుక

పిల్లలూ,

అందరికీ ఆశీస్సులు. పోయిన ఆదివారం మన పెద్దపాప ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, చిన్నప్పుడు నా జుట్టు సాఫీగా ఉండేది కదా, ఇప్పుడు నుదుటి దగ్గరంతా వంకీలు తిరుగుతోంది. షాంపూ మార్చినందుకే అంటోంది అమ్మ. నిజమేనా?" అని. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. అందుకే రాస్తున్నాను. మిగతావాళ్లూ చదవండి, ఎప్పుడో ఒకప్పుడు అందరి నెత్తిమీదకీ వచ్చే సంగతే ఇది.

షాంపూ తప్పేం లేదమ్మా. మన కంటికి కనబడే వెంట్రుకలో ప్రాణం లేదు, అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. షాంపూ, ఎండ, స్ట్రెయిట్‌నర్ దాన్ని పొడిబార్చగలవు, చిట్లించగలవు. కానీ కొత్త వెంట్రుక సాఫీగా రావాలా, వంకీగా రావాలా అన్నది తేలేది మాత్రం చర్మం కింద, కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉండే కుదురు దగ్గర.

ఆ కుదురును జంతికల గొట్టం అనుకోండి. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా నానమ్మ పెరట్లో పొయ్యి పెట్టి, ఇత్తడి గొట్టం తీసేది. నొక్కే పని నాకంటే నాకని మేం కొట్టుకునేవాళ్లం. గుండ్రటి చిల్లుల బిళ్ల వేస్తే సన్నకారప్పూస, నక్షత్రం బిళ్ల వేస్తే ముళ్ల జంతిక, సన్నటి చీలిక ఉన్న బిళ్ల వేస్తే రిబ్బన్ పకోడీ. పిండి ఒకటే, గొట్టం ఒకటే. పిండిలో తడి తగ్గితే జంతిక అంచులు చిట్లి గరుగ్గా వచ్చేది. అప్పుడు నానమ్మ నన్ను పక్కకు నెట్టి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి మళ్లీ కలిపేది. మొదటి వాయి దేవుడికి, రెండోది గొట్టం నొక్కినవాడికి. ఆ రెండో వాయి కోసమే నాకు చేతులు బొబ్బలెక్కేవి.

సరే, జుట్టులోకి వద్దాం. కుదురు నిటారుగా, గుండ్రంగా ఉంటే వెంట్రుక గుండ్రంగా, సాఫీగా వస్తుంది. కుదురు అడుగు వంగి ఉంటే ఒక పక్క కణాలు ఒకలా, రెండో పక్కవి మరోలా పెరుగుతాయి. అలా వచ్చిన వెంట్రుక కాస్త చదునుగా ఉండి మెలి తిరుగుతుంది. జంతికకూ దీనికీ ఒక్క తేడా ఉంది. జంతిక మెత్తగా బయటికొచ్చి నూనెలో గట్టిపడుతుంది, వెంట్రుక గొట్టంలోనే గట్టిపడి బయటికొస్తుంది. అందుకే వచ్చాక దాని స్వభావం మార్చడం కష్టం. స్ట్రెయిట్‌నర్‌తో సాగదీసినా తలంటుకోగానే మళ్లీ మామూలే.

మరి బిళ్ల మార్చేది ఎవరు? మన రక్తంలో తిరిగే హార్మోన్లు. మీ అన్నయ్య పైపెదవి చూడండి. నిన్నమొన్నటిదాకా అక్కడ కనబడీ కనబడని నూగు ఉండేది. ఇప్పుడు అవే కుదుళ్లలోంచి నల్లటి, ముతక మీసం వస్తోంది. యుక్తవయసులో ఆండ్రోజెన్లు అనే హార్మోన్లు పెరిగి ఆ పని చేస్తాయి. ఆడపిల్లల్లోనూ అవి కొంత పెరుగుతాయి. నూనె గ్రంథులు పెద్దవై తల త్వరగా జిడ్డుగా అవుతుంది, కొందరికి వెంట్రుక లావు, వంపు కూడా మారతాయి. ఫలానా పిల్లకే వంకీ ఎందుకు వచ్చింది, పక్కపిల్లకు ఎందుకు రాలేదు అంటే, అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులు చాలావరకు కారణం. అంతకంటే లోతుగా శాస్త్రవేత్తలు కూడా ఇంకా తవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు పెద్దపాపకు ఒక లెక్క. తల వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నీ జడ పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే దాని చివరికొస వయసు 60 నెలలు, ఐదేళ్లు. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు పుట్టిన వెంట్రుక అది. కొస కత్తిరించి ఉంటే ఆ వెంట్రుక వయసు ఇంకా ఎక్కువే. నుదుటి దగ్గర 12 సెంటీమీటర్లున్న వంకీ వెంట్రుక వయసు ఒక్క ఏడాది, నువ్వు పెద్దమనిషివి అయ్యాక పుట్టింది. కుదుళ్లన్నీ ఒకేసారి మారవు. ఒక్కోటీ రెండు నుంచి ఆరేళ్లు వెంట్రుకను పెంచి, మూడు నెలలు విశ్రాంతి తీసుకుని, పాతదాన్ని వదిలేసి కొత్తది మొదలుపెడుతుంది. కాబట్టి కొన్నేళ్లపాటు నీ జడలో రెండు రకాలూ కలిసే ఉంటాయి. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

మీ చిన్నత్త సంగతి వేరు. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉండి, రాలాల్సిన వెంట్రుకలు కూడా రాలకుండా పెరుగుతూ ఉంటాయి. అందుకే అప్పట్లో దాని జడ అంత ఒత్తుగా ఉండేది. కాన్పు కాగానే ఆ హార్మోన్ తగ్గింది, ఆగిన కుదుళ్లన్నీ ఒక్కసారే విశ్రాంతిలోకి పోయాయి. విశ్రాంతి మూడు నెలలని చెప్పాను కదా, సరిగ్గా ఆ లెక్కకే దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. బిడ్డ తల్లిని చూసి నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు రాలుతుందని మా పెద్దవాళ్లు అనేవాళ్లు. బిడ్డ నవ్వే వయసూ ఆ రోజులూ దగ్గర దగ్గరే, పాపం బిడ్డ మీద నింద పడింది. ఇప్పుడు చిన్నత్త నుదుటి మీద నిక్కబొడుచుకుని నిలబడే పొట్టి వెంట్రుకలు కొత్తగా మొలిచినవి. ఏడాది తిరిగేసరికి చాలామందికి జుట్టు మామూలుగా అయిపోతుంది. అంతకు మించి రాలుతూనే ఉన్నా, రూపాయి బిళ్లంత మేర నున్నగా అయినా, జుట్టు గరుకెక్కడంతో పాటు నీరసం, ఒళ్లు పెరగడం ఉన్నా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా జుట్టు మీద కనబడుతుంది.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట మాత్రం నమ్మకండి. మొక్కు ఉంటే చేయించుకోండి, అది వేరే సంగతి. కత్తి కుదురు దాకా పోదు. మొలిచిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, గీసింది మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి ముతగ్గా తగులుతుంది, అంతే.

ఇక మీ నానమ్మ సంగతి. వయసు మీద పడ్డాక కుదుళ్లు చిన్నవై వెంట్రుక సన్నబడుతుంది, రంగు వేసే కణాలు ఒక్కోటే తగ్గిపోతాయి. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక తలలో ఊరే నూనె కూడా తగ్గుతుంది. అందుకే సన్నబడిన వెంట్రుకే అయినా చేతికి పీచుగా తగులుతుంది. కొబ్బరినూనె రాస్తే ఆ గరుకు తగ్గుతుంది, బిళ్ల మాత్రం మారదు. వయసు మీద పడిన పెద్దల జుట్టును ఎగతాళి చేయకండి. మీ చిన్నప్పుడు గుప్పిట్లో పట్టుకుని లాగింది ఆ జుట్టునే.

ఈ శనివారం తలంటుకున్నాక దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు పారేయకండి. తెల్ల కాగితం మీద నానమ్మది, అమ్మది, పెద్దపాపది ఒక్కోటి పరిచి స్కేలు పెట్టి కొలవండి. ఒక చివర చిన్న తెల్ల బుడిపె ఉంటే అది కుదురు వైపు. రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించి చూడండి, ఏది గుండ్రంగా దొర్లుతుందో, ఏది ఆగి ఆగి తిరుగుతుందో నాకు రాయండి. అమ్మ వెంట్రుకను కూడా లెక్కగట్టి, అది ఏ సంవత్సరం పుట్టిందో ఆమెకే చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య