"వి కెన్ డూ ఇట్!" పోస్టర్: అపోహలు, వాస్తవాలు

తలకు గుడ్డ కట్టుకుని పిడికిలి బిగించిన ఒక కార్మికురాలి బొమ్మ, దాని మీద 'మనం చేయగలం' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట. ఇదీ ఆ పోస్టర్.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఆడవాళ్లను ఫ్యాక్టరీ పనికి పిలవడానికి ఈ పోస్టర్‌ను దేశమంతా అంటించింది.

దీనికి జవాబు పోస్టర్ అడుగు అంచులోనే ఉంది. ఫిబ్రవరి 15 నుంచి 28 వరకు అంటించాలని అక్కడ అచ్చువేశారు. పక్కనే ఉన్న 'వార్ ప్రొడక్షన్ కోఆర్డినేటింగ్ కమిటీ' ప్రభుత్వ శాఖ పేరులా వినిపిస్తుంది కానీ, అది వెస్టింగ్‌హౌస్ అనే విద్యుత్ పరికరాల కంపెనీ లోపలి కమిటీ. చిత్రకారుడు జె. హోవర్డ్ మిల్లర్. 1943లో సుమారు 1,800 ప్రతులు వేసి, ఆ కంపెనీ ప్లాంట్లలోనే రెండు వారాలు ఉంచారు. చూసినవాళ్లు అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు. అందుకే ఇది కొత్తవాళ్లను చేర్చుకునే పిలుపు అనడం కుదరదు.

ఇంటర్నెట్‌లో తిరిగే బొమ్మల్లో ఈ అంచును తరచుగా కత్తిరించేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. పూర్తి ప్రతి దొరికేదాకా విశ్లేషణ మొదలుపెట్టకండి. ఎవరు వేయించారు, ఎప్పుడు, ఎన్ని, ఏ గోడ మీద అనే బాహ్య విమర్శ ముందు. బొమ్మ ఏం చెబుతోందనే అంతర విమర్శ ఆ తర్వాత.

అపోహ: బొమ్మను శ్రద్ధగా చూస్తే చాలు, ప్రచార కిటుకు తెలిసిపోతుంది.

సూటి చూపు, బిగించిన పిడికిలి, పైకి మడుస్తున్న చొక్కా చెయ్యి కంటికి కనిపిస్తాయి. అసలు కిటుకు 'వి' అనే మాటలో ఉంది. ఆ 'మనం' ఎవరు? ఈ రోజు చూసేవాళ్లకు అది ఆడవాళ్లందరూ. కానీ ఆమె కాలర్ మీద కంపెనీ బ్యాడ్జి ఉంది. మిల్లర్ అదే కంపెనీకి వేసిన మరో పోస్టర్, పనిలో సందేహం వస్తే సూపర్‌వైజర్‌ను అడగమంటుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే 'మనం' అంటే కార్మికులూ యాజమాన్యమూ ఒక్కటేనన్న అర్థం బలపడుతుంది. గొడవలు మాని ఉత్పత్తి పెంచమన్న మాట అది. ఒంటరి పోస్టర్ నుంచి ఈ అర్థం రాబట్టలేం. అదే చిత్రకారుడు అదే యజమానికి వేసినవి కనీసం నాలుగైదు చూడాలి.

అపోహ: ఆమె పేరు రోజీ ది రివెటర్.

యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లకు ప్రతీకగా నిలిచిన పేరు అది. పోస్టర్ మీద ఆ పేరు ఎక్కడా లేదు, చేతిలో లోహపు రేకులను బిగించే రివెట్ గన్ కూడా లేదు. చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ గీసిన, ఒళ్లో రివెట్ గన్ పెట్టుకున్న రోజీ 1943 మే 29న, అంటే ఈ పోస్టర్ తీసేసిన మూడు నెలలకు, ఒక వారపత్రిక ముఖచిత్రంగా వచ్చింది. మిల్లర్ బొమ్మ మళ్లీ జనంలోకి వచ్చింది 1980లలో. ఆ పేరూ స్త్రీవాద అర్థమూ ఆ తర్వాత దానికి గట్టిగా అంటుకున్నాయి. ఆ అర్థం అబద్ధం కాదు. కాకపోతే అది 1980ల చరిత్రకు సాక్ష్యం, 1943కు కాదు. నోట్సులో రెండింటికీ వేరువేరు పేజీలు పెట్టుకోండి.

అపోహ: ఆమె ఎవరో ఫొటో ద్వారా రుజువైంది.

ఈ పోస్టర్‌కు మూలమని చెప్పే ఫొటో ఒకటి ఉంది, లేత్ మెషిన్ దగ్గర తలకు గుడ్డ కట్టుకున్న యువతిది. దశాబ్దాల పాటు అది ఒకరిదని నమ్మారు. తర్వాత 1942 మార్చి నాటి అసలు శీర్షిక దొరికి, కాలిఫోర్నియాలోని అలమేడా నౌకాదళ స్థావరంలో పనిచేసిన మరొకామెదని తేలింది. దానితో ఫొటోలో ఉన్నదెవరో తెలిసింది. మిల్లర్ ఆ ఫొటో చూసి గీశాడనడానికి మాత్రం ఒక్క కాగితమూ లేదు. పోలికను పోలికగానే రాయాలి.