రఫ్ క్యాస్టింగ్ కొలతలు: మెషినింగ్ అలవెన్స్, డ్రాఫ్ట్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఫినిష్ డ్రాయింగ్ చేతికి రాగానే మెషిన్ చేసే ప్రతి ముఖానికీ కోసేయడానికి "సైడుకి మూడు" మి.మీ. అలవెన్స్ కలిపి ప్యాటర్న్ షాపుకి పంపేయడం మన ఫౌండ్రీల్లో పాత అలవాటు. చాలాసార్లు పని నడిచిపోతుంది కూడా. నడవనప్పుడు మాత్రం తప్పు మోల్డర్ మీదకో, లేత్ దగ్గరున్నవాడి మీదకో పోతుంది. ఒక్క పార్ట్ తీసుకుని లెక్క వేసి చూద్దాం.

గ్రే ఐరన్ (ఎఫ్‌జీ 200) బేరింగ్ హౌసింగ్. ఫ్లాంజ్ వ్యాసం 200, మందం 22. దాని మీద 120 వ్యాసం హబ్. మొత్తం ఎత్తు 110, మధ్యలో 80 బోర్. అన్నీ మి.మీ.లలోనే. ఫ్లాంజ్ చుట్టు, ఫ్లాంజ్ అడుగు ముఖం, హబ్ పై ముఖం, బోర్ మెషిన్ చేస్తాం. హబ్ బయటి ఒళ్లు, ఫ్లాంజ్ వెనక ముఖం పోసినట్టే ఉంటాయి.

అపోహ: ముందు అలవెన్స్ వేసుకుంటే, పార్టింగ్ లైన్ సంగతి ప్యాటర్న్ మేకర్ చూసుకుంటాడు.

మోల్డ్ రెండు సగాలు విడిపోయే పార్టింగ్ ఎక్కడో తేలకుండా, ప్యాటర్న్ ఇసుకలోంచి తేలిగ్గా రావడానికిచ్చే వాలు, అంటే డ్రాఫ్ట్, ఏ వైపుకి వస్తుందో చెప్పలేం, ఏ ముఖం పైకి వస్తుందో చెప్పలేం. ఈ హౌసింగ్‌లో ఫ్లాంజ్ వెనక ముఖం దగ్గర పార్టింగ్ పెడదాం. ఫ్లాంజ్ మోల్డ్ కింది సగమైన డ్రాగ్‌లో, ముఖ్యమైన అడుగు ముఖం నేలవైపు. హబ్ పై సగమైన కోప్‌లో. స్లాగ్, ఇసుక, గ్యాస్ అన్నీ పైకే తేలతాయి కాబట్టి శుభ్రంగా రావాల్సిన ముఖాన్ని కిందికి పెట్టడమే మేలు.

అపోహ: ఒక్కో కొలతని బట్టి ఒక్కో అలవెన్స్.

ఐఎస్ఓ 8062 పద్ధతిలో అలవెన్స్‌ని నిర్ణయించేది పార్ట్ మొత్తంలో పెద్ద కొలత. మనకది 200. చేత్తో ఇసుక మోల్డ్ కట్టే గ్రే ఐరన్‌కి జీ గ్రేడ్ తీసుకుంటే, 160 నుంచి 250 వరుసలో 2.8 వస్తుంది. ఈ 2.8 అన్ని మెషినింగ్ ముఖాలకీ ఒకటే. కొలతని బట్టి మారేది క్యాస్టింగ్ టాలరెన్స్, చాలామంది మరిచిపోయేదీ అదే. క్యాస్టింగ్ చిన్నగా వచ్చినా 2.8 మిగలాలి కదా, అందుకని టాలరెన్స్‌లో సగం కూడా కలపాలి.

```
బయటి వ్యాసం : R = F + 2·RMA + CT/2
లోపలి వ్యాసం: R = F − 2·RMA − CT/2
ఒకవైపే మెషినింగ్: R = F + RMA + CT/2
```

ఇందులో F ఫినిష్ కొలత, R రఫ్ కొలత, RMA అలవెన్స్, CT మొత్తం టాలరెన్స్. పార్టీతో 11వ గ్రేడ్ టాలరెన్స్‌కి ఒప్పుకున్నాం అనుకుందాం. ఫ్లాంజ్‌కి CT 5.6 కనుక 200 + 5.6 + 2.8 = 208.4. బోర్‌కి CT 4.4 కనుక 80 − 5.6 − 2.2 = 72.2. ఫ్లాంజ్ మందానికి ఒకవైపే మెషినింగ్, CT 3.6; 22 + 2.8 + 1.8 = 26.6.

ఎత్తు దగ్గర మాత్రం నేను పట్టికని యథాతథంగా పాటించను. హబ్ పై ముఖం కోప్‌లో ఉంది, చెత్త చేరేది అక్కడే. దానికి ఒక గ్రేడ్ పెంచి 4 ఇస్తాను. 110 + 2.8 + 4 + 2.5 = 119.3.

అపోహ: డ్రాఫ్ట్ ఎలాగూ మెషినింగ్‌లో పోతుంది, కాబట్టి అది అలవెన్స్‌లోనే కలిసిపోతుంది.

ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. మెషిన్ చేసే నిలువు ముఖం మీద డ్రాఫ్ట్‌ని అలవెన్స్ పైన కలపాలి, అందులోంచి తీయకూడదు. అంటే వాలులో సన్నటి చివర దగ్గర కూడా పూర్తి అలవెన్స్ ఉండాలి.

ఫ్లాంజ్ చుట్టుకి 2 డిగ్రీల డ్రాఫ్ట్ ఇద్దాం. 26.6 ఎత్తుకి 2 డిగ్రీల టాంజెంట్ 0.0349తో గుణిస్తే సైడుకి 0.93. డ్రాగ్ అడుగున, సన్నటి చివర, 208.4 పెట్టి పార్టింగ్ దగ్గర 210.3కి పెంచాలి. తిరగేసి పార్టింగ్ దగ్గర 208.4 పెడితే అడుగున 206.5కి పడిపోతుంది. ఎత్తు తక్కువ గనక ఇక్కడ పోయేది సైడుకి 0.93 మాత్రమే, బతికిపోతాం. కానీ పార్టీ రేపు హబ్ ఒళ్లు కూడా మెషిన్ చేయమన్నాడనుకోండి. 92.7 ఎత్తుకి ఒక్క డిగ్రీతోనే 1.6 వాలుతుంది. క్యాస్టింగ్ చిన్న వైపు టాలరెన్స్‌లో వస్తే 2.8లో మిగిలేది 1.2. ఇసుక అంటుకున్న గట్టి పొర కింద కోయాల్సిన టూల్ ఆ పొరలోనే రుద్దుకుంటూ పోతుంది, టిప్పులు అరిగిపోతాయి.

అపోహ: డ్రాఫ్ట్ ఎప్పుడూ ప్లస్‌లో వేస్తే సేఫ్.

మెషిన్ చేసే ముఖానికి నిజమే. పోసినట్టే ఉండే ముఖానికి కాదు. మన హబ్‌కి అదే ఒక్క డిగ్రీ ప్లస్ వేస్తే పైన 120, ఫ్లాంజ్ దగ్గర 123.2. ఇప్పుడు ఫ్లాంజ్ మీద 164 పిచ్ వ్యాసంలో ఎం16 బోల్టులు ఉన్నాయనుకోండి. వాషర్ వ్యాసం 30 కనుక దాని లోపలి అంచు కేంద్రం నుంచి 67 దూరంలో పడుతుంది. హబ్ మొదట్లో 5 ఫిల్లెట్ ఉంది. డ్రాయింగ్ ప్రకారం 60 + 5 = 65, అంటే 2 మి.మీ. సందు. డ్రాఫ్ట్ కలిశాక 66.6, సందు 0.4. క్యాస్టింగ్ టాలరెన్స్ వల్ల హబ్ సైడుకి ఇంకో 1.25 పెరగొచ్చు, వాషర్ ఫిల్లెట్ మీదకెక్కి కూర్చుంటుంది. మైనస్ వేస్తే పై చివర 116.8కి తగ్గి, బోర్ తీశాక 20 ఉండాల్సిన గోడ అక్కడ 18.4 అవుతుంది. రెంటిలో ఏది ఒప్పుకుంటాడో పార్టీని అడిగి, ఆ మాట క్యాస్టింగ్ డ్రాయింగ్ మీదే రాయించుకోవాలి. నన్నడిగితే ఇక్కడ మైనస్ వేసి, సన్నబడిన గోడకి డిజైనర్ సంతకం తీసుకుంటాను. లేదంటే వాషర్ కూర్చునే చోటుని చదునుగా కోసి స్పాట్‌ఫేస్ చేయడానికి ఒప్పించాలి.

అపోహ: బోర్‌కి కూడా డ్రాఫ్ట్ తప్పదు.

ఈ బోర్ మోల్డ్‌లో పెట్టే ఇసుక కోర్‌తో వస్తుంది. కోర్ బాక్స్‌ని పొడవునా రెండు చెక్కలుగా చేస్తే 72.2 తిన్నగానే ఉంటుంది. వాలు కావాల్సింది కోర్‌ని మోల్డ్‌లో నిలబెట్టే కోర్ ప్రింట్లకి. బోల్టు రంధ్రాలు అసలు పోయం, గట్టిగా వదిలేసి డ్రిల్ చేస్తాం.

అపోహ: ఎంత ఎక్కువ అలవెన్స్ ఉంటే అంత మంచిది.

ఫ్లాంజ్ అడుగు ముఖానికి ఇంకో 3 మి.మీ. ఇస్తే ఆ ఒక్కచోటే పీసుకి దాదాపు 650 గ్రాముల ఇనుము పెరుగుతుంది. దాన్ని కరిగించి పోయాలి, తర్వాత చిప్స్‌గా తీసెయ్యాలి. అంతకంటే చెడ్డది ఇంకొకటుంది. చర్మం దగ్గర త్వరగా గట్టిపడిన లోహం బిగువుగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ గ్రాఫైట్ ముతకగా, లావు చోట్ల ష్రింకేజ్ బోలుగా ఉండొచ్చు. మందం పెంచి, లోతుగా కోసి, ఆ బోలుని మనమే బయటపెట్టుకుంటాం.

అపోహ: ష్రింకేజ్ కూడా క్యాస్టింగ్ డ్రాయింగ్‌లో కలపాలి.

వద్దు. 208.4 చల్లారిన క్యాస్టింగ్ కొలత. ప్యాటర్న్‌కి మాత్రమే, గ్రే ఐరన్‌కి సుమారు ఒక శాతం చొప్పున, 210.5 అవుతుంది. రెండు చోట్లా కలిపితే రెండుసార్లు పెరుగుతుంది.

అపోహ: మెషిన్ చేశాక నల్ల మచ్చ మిగిలితే అలవెన్స్ చాలలేదన్నట్టే.

మచ్చ ఎక్కడుందో చూడాలి. ముఖమంతా అక్కడక్కడా ఉంటే అలవెన్సో, క్యాస్టింగ్ వంపో. నిలువు ముఖంలో పార్టింగ్‌కి దూరపు చివర మాత్రమే చుట్టూ ఉంటే, డ్రాఫ్ట్ అలవెన్స్‌ని తినేసింది. కోప్ ముఖంలో చిన్న గుంటలతో కలిసి కనిపిస్తే స్లాగ్ లేదా గ్యాస్. బోర్‌లో ఒకే పక్క నెలవంక ఆకారంలో మిగిలి, ఎదుటి పక్క లోతుగా తెగి ఉంటే కోర్ జరిగింది. అప్పుడు బోర్‌ని 72.2 నుంచి 70కి తగ్గించడం కంటే ముందు కోర్ ప్రింట్‌కీ దాని గూడుకీ మధ్య ఎంత సందుందో కొలవాలి.