చుండ్రు షాంపూను మార్చవలసింది ఎప్పుడు?

“జింక్ షాంపూ మొదట్లో బాగా పనిచేసింది. నాలుగు నెలలకు చుండ్రు మళ్లీ వచ్చింది. ఫంగస్ దానికి అలవాటు పడిపోయిందా? వారానికొక షాంపూ చొప్పున మార్చుకుంటూ పోవాలా?” అని ఒక పాఠకురాలు అడిగారు. సీసా మీద రాసిన ఆ మందు తలలో అసలు ఏం చేస్తుందో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

చుండ్రు వెనుక మూడు విషయాలు ఉంటాయి. మొదటిది మలస్సీజియా అనే ఫంగస్. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల తలమీద కూడా నివసిస్తుంది కాబట్టి చుండ్రును అపరిశుభ్రతకు గుర్తుగా చూడటం శుద్ధ అన్యాయం. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను అది తయారు చేసుకోలేదు. మన చర్మం స్రవించే జిడ్డును విడగొట్టి తింటుంది. మిగిలిపోయిన ఓలిక్ ఆమ్లం వంటివి కొందరి చర్మాన్ని మండిస్తాయి. అప్పుడు రెండోది మొదలవుతుంది: చర్మకణాలు పక్వానికి రాకముందే పైకి తోసుకొస్తాయి. మూడోది, ఆ కణాలు విడివిడిగా రాలకుండా అట్టలు కట్టడం.

జింక్ షాంపూలో ఉండే మందు జింక్ పైరిథియోన్. ఇది వీటిలో మొదటిదాని మీద పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందో తెలిసినప్పటినుంచి నాకు ఇదంటే అమితమైన ఇష్టం. పేరు చూసి జింకే ఫంగస్‌ను చంపుతుందని చాలామంది అనుకుంటారు. ముఖ్యమైన దెబ్బ తీసేది రాగి అని 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. పైరిథియోన్ అణువులు రెండు కలిసి ఒక లోహ అయాన్‌ను మధ్యలో పట్టుకుంటాయి. సీసాలో ఉన్నప్పుడు ఆ లోహం జింక్. కానీ రాగి వాటికి ఇంకా గట్టిగా అంటుకుంటుంది. అందువల్ల చుట్టుపక్కల ఎక్కడైనా రాగి లేశమాత్రం దొరికితే చాలు, జింక్ స్థానంలో అది వచ్చి కూర్చుంటుంది.

విద్యుదావేశం ఉన్న రాగి అయాన్ ఒంటరిగా ఫంగస్ కణపు పొరను దాటడం కష్టం. ఆ పొర కొవ్వుతో కట్టినది. పైరిథియోన్ ఇక్కడ రేవు పడవలా పనిచేస్తుంది. రాగిని ఎక్కించుకుని పొరను దాటిస్తుంది, లోపల దింపుతుంది, మరో విడత ఎక్కించుకోవడానికి సిద్ధమవుతుంది. పడవలు కొన్నే ఉన్నా అవి తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అవతలి ఒడ్డున సరుకు పేరుకుపోతుంది. లోపల చేరిన రాగి, ఇనుము-గంధకం కలిసిన చిన్న గుచ్ఛాలున్న ఎంజైములను పాడుచేస్తుంది. శక్తి తయారీకీ, కొన్ని అమైనో ఆమ్లాల నిర్మాణానికీ అవి అవసరం. ఒకేసారి ఇన్ని చోట్ల దెబ్బ తగులుతుంది కాబట్టి, ఒకే ఎంజైమును గురిచూసే మందుకు అలవాటు పడినంత సులువుగా దీనికి అలవాటు పడటం ఫంగస్‌కు కుదరదు.

అయితే పడవ రేవులో ఉండాలి. జింక్ పైరిథియోన్ నీటిలో దాదాపు కరగదు; షాంపూలో అతి చిన్న రేణువులుగా తేలుతూ ఉంటుంది. తల కడిగిన తర్వాత కూడా కొన్ని రేణువులు చర్మం మీద మిగలాలి. రెండు స్నానాల మధ్య పనిచేసేది అవే. తలంతా మందపాటి పొలుసులు ఉంటే రేణువులు పొలుసుల మీద దిగి, వాటితోపాటే రాలిపోతాయి. మందు షాంపూ తర్వాత మామూలు షాంపూతో మరోసారి రుద్దితే దిగిన రేణువులనూ మనమే కడిగేస్తాం. మామూలుది ముందు, మందుది తర్వాత వాడాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు తలమీద ఉంచాలి. “పనిచేయడం మానేసింది” అన్న సందర్భాల్లో నేను ముందుగా అనుమానించేది పొలుసుల అడ్డునూ, రేణువులను మనమే కడిగేయడాన్నీ.

పొలుసుల అడ్డు తొలగించేది శాలిసిలిక్ ఆమ్లం. చుండ్రు షాంపూల్లో ఇది సాధారణంగా రెండు, మూడు శాతం ఉంటుంది. చనిపోయిన కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే బంధాలను సడలిస్తుంది. ఫంగస్ మీద దీని ప్రభావం స్వల్పం. అందుకే దీన్ని మాత్రమే నమ్ముకుంటే తల శుభ్రపడినట్టే పడి, అట్టలు మళ్లీ కడతాయి. ఎక్కువగా వాడితే చర్మం పొడిబారి, కొత్తగా పొట్టు రాలుతుంది. దాన్ని చుండ్రు అనుకుని మరింత వాడేవాళ్లున్నారు. తల బిగుసుకున్నట్టు ఉండి, రాలేది సన్నగా, పొడిగా ఉంటే వెంటనే తగ్గించాలి.

సెలీనియం సల్ఫైడ్‌ది రెట్టింపు పని: ఫంగస్‌ను అణచడంతోపాటు కణాల తొందరను కూడా తగ్గిస్తుంది. ఒక శాతం రకం మామూలు వాడకానికి. రెండున్నర శాతం రకాన్ని వైద్యుల సలహాతో వాడటం మంచిది. జిడ్డుగా, పసుపుపచ్చగా అంటుకుని, దురద పెట్టే చుండ్రుకు నేను దీన్నే ఎంచుకుంటాను. రంగు వేసిన జుట్టును ఇది మార్చేయగలదు. పుండ్లు పడిన చర్మం మీద వాడకూడదు.

ఇప్పుడు పాఠకురాలి విషయానికి వద్దాం. ఆమె రాసినదాన్ని బట్టి మాడు మీద మందంగా అతుక్కున్న పొలుసులు ఉన్నాయి, దురద కొంచెమే. వారం వారం షాంపూ మారిస్తే ఏది పనిచేసిందో, ఏది మండించిందో ఎప్పటికీ తెలియదు. మొదటి రెండు వారాలు, వారానికి రెండుసార్లు శాలిసిలిక్ ఆమ్లం వాడి పొలుసులు వదిలించుకోవాలి. తర్వాత నాలుగు వారాలు జింక్‌కు తిరిగి రావాలి, వారానికి రెండు మూడుసార్లు. ఈసారి రేణువులు నేరుగా చర్మం మీద దిగుతాయి. తగ్గితే మందు మారనక్కర్లేదు. వారానికోసారి జింక్ వాడుతూ, పొలుసులు మళ్లీ కడుతున్నప్పుడే ఒకటి రెండు సార్లు శాలిసిలిక్ వైపు వెళ్లాలి. నాలుగు వారాల్లో తగ్గకపోతే అప్పుడు సెలీనియానికి మారి, దానికీ నాలుగు వారాలు ఇవ్వాలి. ఈ మధ్యలో తలకు నూనె పెట్టకపోవడం మేలు. ప్రయోగశాలలో మలస్సీజియాను పెంచేటప్పుడు ఆహారంగా ఆలివ్ నూనె కలుపుతారని జీవశాస్త్ర తరగతిలో చెబితే, నూనె చుండ్రును పోగొడుతుందన్న నమ్మకం చాలావరకు తగ్గేది.

జింక్ పైరిథియోన్‌ను యూరోపియన్ యూనియన్ 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. పునరుత్పత్తికి హాని చేయగల పదార్థాల జాబితాలో అది చేరడం అందుకు కారణం. కడిగేసే చుండ్రు షాంపూల్లో ఒక శాతం వరకు సురక్షితమని అక్కడి శాస్త్రీయ సంఘమే అభిప్రాయపడింది. అది దొరకని చోట పై క్రమంలో సెలీనియాన్నే దాని స్థానంలో పెట్టుకోవచ్చు.

బొగ్గు నుంచి తీసే కోల్ తార్ ఉన్న షాంపూను నేను ఈ వరుసలో చివరన ఉంచుతాను. చర్మకణాల విభజనను నెమ్మదింపజేయడమే కోల్ తార్ ప్రధానమైన పని. అందుకే మామూలు చుండ్రు కంటే సోరియాసిస్‌లో అది ఎక్కువగా అక్కరకొస్తుంది. వాసన ఘాటు, లేత రంగు జుట్టుకు మరక పడుతుంది, వాడిన తర్వాత ఒక రోజు పాటు ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. జింక్, సెలీనియం రెండూ సరిగ్గా వాడినా లొంగని పొలుసులు వెండిలా మెరుస్తూ, జుట్టు అంచు దాటి నుదుటి మీదికి వస్తే అది చుండ్రు కాకపోవచ్చు. పిల్లల తలలో పొలుసులతోపాటు జుట్టు తెగి గుండ్రని మచ్చలు పడితే అది తామర కావచ్చు, దానికి కడుపులోకి తీసుకునే మందు కావాలి. ఈ రెండు సందర్భాల్లోనూ షాంపూలు మార్చడం ఆపి చర్మవైద్యులను కలవాలి.